గ్రూపులో రాయనివాళ్ళకు కృతజ్ఞత ఎలా చెప్పాలి

గత ఏడాది ఏప్రిల్‌లో జరిగిన మా బ్యాంకు సమీక్షా సమావేశంలో పై అధికారి ఒకరు పదిహేను నిమిషాల సేపు కృతజ్ఞతలు చెప్పారు. సమష్టి కృషి, అంకితభావం, అహర్నిశలు అనే మాటలు అందులో చాలాసార్లు వినిపించాయి. ఆయన మనస్ఫూర్తిగానే చెప్పారు, దానిలో నాకు సందేహం లేదు. తిరుగు ప్రయాణంలో బరంపురం దాటిన తరువాత మా హెడ్ క్యాషియర్ గారు కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆయన చెప్పినదానిలో మనం చేసిన పని ఒక్కటైనా వచ్చిందా సార్?" అని అడిగారు. కోపంతో అడిగిన ప్రశ్న కాదు అది. వచ్చి ఉంటే తాను వినలేదేమో అన్నట్టు అడిగారు. నేను జవాబు చెప్పలేదు. పర్లాకిమిడి చేరేదాకా ఆ ప్రశ్న మా ఇద్దరి మధ్యనే కూర్చుని ఉంది.

ఈ ఏడాది మార్చి ముగిశాక మా బ్రాంచిలో మేనేజరుగా మాట్లాడవలసిన వంతు నాది. జనవరి నుంచి మార్చి వరకు మూడు నెలలు మా వాళ్ళు చాలా కష్టపడ్డారు. ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి, ఎవరి పేరు చెప్పాలి అని వారం రోజులు ఆలోచించి, చివరకు మూడున్నర నిమిషాల ప్రసంగం ఒకటి రాసుకున్నాను. దాన్ని మా వాట్సాప్ గ్రూపులోని మాటల నుంచే కట్టాను. అలా కట్టేటప్పుడు నాకు ఏర్పడిన అభిప్రాయం ఒకటి ఉంది. కృతజ్ఞత చెప్పేటప్పుడు ఆ మనిషి చేసిన ఒక్క పని, అది ఎప్పుడు జరిగిందో, అది జరగకపోతే ఏమయ్యేదో చెప్పాలి. వీటికి గ్రూపుకు మించిన ఆధారం దొరకదు. కానీ గ్రూపును ఉన్నదున్నట్టు నమ్మితే, ఎక్కువ పని చేసినవారికి కాక ఎక్కువ రాసినవారికి కృతజ్ఞత వెళ్తుంది. ఈ రెండో మాట నాకు ఆలస్యంగా తెలిసింది, అందుకే ఈ వ్యాసం.

నోటుపుస్తకంలో మూడో గడి

మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఒక చిన్న బ్రాంచి. ఉండవలసినది తొమ్మిది మంది. జనవరిలో ఒకరు బదిలీ మీద వెళ్ళారు, ఆ స్థానంలో ఎవరూ రాలేదు. ఇంకొకరు ప్రసూతి సెలవులో ఉన్నారు. నాతో కలిపి ఏడుగురం మిగిలాం. కలహండి వైపు నుంచి వచ్చిన అసిస్టెంట్ మేనేజరు మేడమ్, ఈ ఊరివారే అయిన హెడ్ క్యాషియర్ గారు, టెక్కలి నుంచి వచ్చి ఇంకా ఏడాది కూడా నిండని కౌంటర్ క్లర్కు, ఒక ఫీల్డ్ ఆఫీసరు, సవర గ్రామానికి చెందిన సబ్ స్టాఫ్ పెద్దాయన, సైన్యం నుంచి వచ్చిన గార్డు గారు, నేను. పేర్లు ఇక్కడ రాయడం లేదు. ప్రసంగంలో మాత్రం అందరి పేర్లూ చెప్పాను.

ఏప్రిల్ 1న ఖాతాల ముగింపు కోసం బ్యాంకుల్లో ఖాతాదారుల లావాదేవీలు ఉండవు. ఇక్కడ అదే రోజు ఉత్కళ దివస్ కూడా, 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడిన రోజు. లోపల చేయవలసిన పని మధ్యాహ్నానికి అయిపోయింది. ఇంటికి వచ్చి, వీధిలో ఊరేగింపు చప్పుడు వినిపిస్తుండగా, ఒక గీతల నోటుపుస్తకం తీసుకుని జనవరి 1 నుంచి గ్రూపును చదవడం మొదలుపెట్టాను. మొత్తం చాట్‌ను ఫైలుగా దించుకునే వీలు ఉన్నా ఆ పని చేయలేదు. ఎంత వద్దన్నా మా గ్రూపులో అప్పుడప్పుడు ఖాతాదారుల పేర్లు, ఖాతా సంఖ్యలు పడుతూనే ఉంటాయి. అవి ఇంకో చోటికి పోకూడదు. పైగా చేత్తో రాసుకుంటే ప్రతి సందేశం దగ్గరా ఒక్క క్షణమైనా ఆగుతాం.

మొదట పేజీకి రెండు గడులే గీశాను. ఒకదానిలో తేదీ, సమయం. రెండోదానిలో ఎవరు ఏమన్నారు. ఫిబ్రవరి దాకా వచ్చేసరికి ఆ రెండూ చాలవని అర్థమైంది. "డన్ సార్" అని రాసి ఉంటే ఏం డన్ అయిందో, ఎవరు చేశారో దానిలో లేదు. బొటనవేలి గుర్తు ఉంటే అది ఒప్పుకోలో, అలసటో తెలియదు. అందుకని మూడో గడి గీసి, నిజంగా ఏం జరిగిందో దానిలో రాయడం మొదలుపెట్టాను. హాజరు పట్టీ, ఫీల్డ్ విజిట్ రిజిస్టరు, ఆ రోజు డిపాజిట్ స్లిప్పులు మర్నాడు బ్రాంచిలో చూశాను. వాటిలో దొరకనివి మనుషులను అడిగాను. నలభై ఆరు సందేశాలు రాసుకుంటే, మూడో గడి నిండాక ప్రసంగానికి పనికివచ్చినవి పదకొండు.

"లింక్ లేదు"

ఫిబ్రవరి మూడో వారంలో రోడ్డు పనుల్లో కేబుల్ తెగింది. ఆ రోజు గ్రూపులో ఉన్నవి ఇవి. 10.12కి "లింక్ లేదు సార్". 10.50కి "ఇంకా లేదు". 11.40కి "వచ్చింది", రెండు నిమిషాలకే "మళ్ళీ పోయింది". 12.05కి మేడమ్ రాసినది, "లిస్ట్ రాస్తున్నాం సార్". ఆ తరువాత సాయంత్రం దాకా ఏమీ లేదు. నేను ఆ రోజు జిల్లా స్థాయి సమావేశంలో ఉన్నాను.

వీటిని చూసి నేను రాసిన మొదటి వాక్యం, "సాంకేతిక అవరోధాలు ఎదురైనప్పటికీ నిరంతరాయంగా సేవలందించిన సిబ్బందికి కృతజ్ఞతాభివందనములు." దీనిలో రెండు తప్పులున్నాయి. సేవలు నిరంతరాయంగా అందలేదు. ఆ రోజు మా బ్రాంచిలో ఒక్క చెల్లింపు కూడా జరగలేదు. లింక్ లేనిదే ఖాతాలో నిల్వ ఎంతో చూడలేం, చూడకుండా డబ్బు ఇవ్వలేం. ఇక రెండో తప్పు, ఆ వాక్యాన్ని ఈ దేశంలో ఏ బ్రాంచిలో చదివినా సరిపోతుంది. అప్పటి నుంచి ప్రతి వాక్యానికీ ఆ పరీక్ష పెట్టుకున్నాను. గుణుపురంలోనో రాయగడలోనో చదివితే సరిపోయే వాక్యమైతే కొట్టేశాను.

"లిస్ట్" అంటే ఏమిటో మేడమ్‌ను అడిగాను. ఆ రోజు వరుసలో ఉన్నవారిలో సగానికి పైగా కొండ గ్రామాల నుంచి వచ్చినవారు, ఎక్కువమంది ముసలివారు. లింక్ వస్తుందో రాదో తెలియకుండా నాలుగు గంటల దాకా నిలబెడితే రెండు గంటల బస్సు పోతుంది, డబ్బూ రాదు. మేడమ్, క్లర్కు కలిసి ఒక కాగితం మీద పేరు, ఊరు, కావలసిన మొత్తం, ఖాతా చివరి నాలుగు అంకెలు రాసుకున్నారు. మొత్తం 63 మంది. "రేపు ఇదే వరుసలో ఇస్తాం, మళ్ళీ నిలబడనక్కరలేదు, ఇప్పుడు బస్సెక్కండి" అని ఒడియాలో మేడమ్, తెలుగులో క్లర్కు చెప్పారు. మర్నాడు 58 మంది వచ్చారు, ఒంటిగంటలోపు అందరికీ ఇచ్చేశారు. ఆ మర్నాటి పని గ్రూపులో ఒక్క ముక్క కూడా లేదు. మామూలు రోజు కాబట్టి ఎవరూ రాయలేదు.

భాష విషయం కూడా ఇక్కడే చెప్పాలి. గిడుగు రామమూర్తి పంతులు గారు బడి పాఠాలు చెప్పుకుంటూ సవర భాష నేర్చుకున్న ఊరు ఇది. మాట్లాడే తెలుగే రాత తెలుగు కావాలని ఆయన వాదించింది కూడా ఇక్కడి నుంచే. అలాంటి ఊళ్ళో కూర్చుని రోజూ నాతో టీ తాగే మనుషులకు "అభివందనములు" అని రాయడం నాకు ఎంతమాత్రం నచ్చలేదు. అయితే చాట్‌లోని మాటను అలాగే ఎత్తి చదవడం కూడా సరికాదు. "మళ్ళీ పోయింది" అన్నది ఆ నిమిషపు మాట. అందరి ముందు చెప్పేటప్పుడు దానికి ముందూ వెనకా కావాలి. చాట్ నుంచి పనిని తీసుకుని, వాక్యాన్ని మాత్రం ఎదురుగా కూర్చుని చెప్పే తెలుగులో కొత్తగా రాసుకోవాలన్నది నేను చేరుకున్న పద్ధతి. మేడమ్‌కు సంబంధించిన రెండు వాక్యాలనూ ఒడియాలోనే చెప్పాను. నాకు వచ్చిన ఒడియా అంతంత మాత్రమే, కాబట్టి ముందు రోజు రాత్రి మా ఇంటి యజమాని గారి దగ్గర పలికి సరిచేసుకున్నాను.

500 రూపాయలు

మార్చి 31 రాత్రి 7.52కి హెడ్ క్యాషియర్ గారు, "క్యాష్ 500 ఎక్కువ వస్తోంది" అని రాశారు. 8.05కి క్లర్కు, "నా కౌంటర్‌దే సార్." 9.10కి హెడ్ క్యాషియర్ గారు, "దొరికింది."

నగదు తక్కువ వస్తే ఆ క్యాషియరు జేబులోంచి కట్టాలి. ఎక్కువ వస్తే వేరే ఖాతాలో జమ చేసి రోజు ముగించవచ్చు, ఎవరి డబ్బో తరువాత వెతుక్కోవచ్చు. ఏడాది ముగింపు రాత్రి, అందరూ అలిసిపోయి ఉన్నప్పుడు, చాలామంది ఆ రెండో దారే పడతారు. అది తప్పు కూడా కాదు. హెడ్ క్యాషియర్ గారు మాత్రం కుర్చీ లాక్కుని ఆ అమ్మాయి పక్కన కూర్చున్నారు. ఆ రోజు ఆమె కౌంటర్‌లో పడిన డిపాజిట్ స్లిప్పులన్నీ బల్ల మీద పరిచి, అంకెలలో రాసిన మొత్తాన్ని కాక, పక్కన ఉండే నోట్ల పట్టికను ఒక్కొక్కటిగా కూడుతూ వచ్చారు. ఒక స్లిప్పులో 500 నోట్లు 20 అని ఉంది, అంటే పదివేలు. కింద మొత్తం దగ్గర ఖాతాదారు 9,500 అని వేశారు. అమ్మాయి కింది అంకె చూసి 9,500 జమ చేసింది. స్లిప్పు మీది నంబరుకు ఫోన్ చేస్తే ఆయన, "అవునండీ, పదివేలే తెచ్చాను" అన్నారు. రోజు ముగించేలోపే మిగిలిన 500 ఆయన ఖాతాలో పడింది.

ఇది చెప్పాలా వద్దా అన్నది ఈ ప్రసంగం మొత్తంలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన ప్రశ్న. హెడ్ క్యాషియర్ గారి గురించి ఇంతకన్నా నిజమైన మాట నా దగ్గర లేదు. కానీ ఆ కథ చెబితే పొరపాటు ఎవరిదో కూడా చెప్పినట్టే. ఉద్యోగంలో చేరి ఏడాది నిండని అమ్మాయికి అందరి ముందు జరిగే మొదటి ప్రస్తావన అదే అవుతుంది. పేరు లేకుండా చెప్పవచ్చు. ఏడుగురిలో పేరు దాస్తే దాగుతుందా? గ్రూపులో మాటలు ఎవరూ ప్రసంగంలో వినిపించడానికి రాసుకోలేదు. ఆ నిమిషం పని జరగడానికి రాసుకున్నారు. వాటిని వాడుకునే ముందు అడగాలి కదా అనిపించి, ఇద్దరినీ విడివిడిగా అడిగాను. హెడ్ క్యాషియర్ గారు, "నాది వదిలేయండి సార్, పాప బాధపడుతుంది" అన్నారు. ఆ అమ్మాయి కాసేపు ఆగి, "చెప్పండి సార్. కానీ నా కౌంటర్‌దే అని నేనే చెప్పాను, అది కూడా చెప్పండి" అంది.

8.05 సందేశాన్ని అప్పుడు మళ్ళీ చదివాను. పదమూడు నిమిషాల్లో, ఇంకా ఎవరూ అడగకముందే రాసినది. మొదటిసారి చదివినప్పుడు దాన్ని నోటుపుస్తకంలో కూడా రాసుకోలేదు.

ఫొటో అంచున కండువా

మా గ్రూపులో ఎక్కువ సందేశాలు ఫీల్డ్ ఆఫీసరువి. అతను కష్టపడే కుర్రాడు, వెళ్ళిన ప్రతి ఊరి నుంచి ఫొటో పెడతాడు. మార్చి రెండో వారంలో గుమ్మా వైపు ఒక సవర గ్రామం నుంచి, "విజిట్ అయింది సార్, 4 ఖాతాలు కట్టారు" అని రాసి ఫొటో పెట్టాడు. అరుగు మీద ముగ్గురు ఆడవాళ్ళు, నేల మీద పాస్‌పుస్తకాలు, నిలబడి ఉన్న ఫీల్డ్ ఆఫీసరు. ఫొటో అంచున ఎర్రగళ్ళ కండువా వేసుకున్న భుజం ఒకటి సగం కనిపిస్తోంది.

మా సబ్ స్టాఫ్ పెద్దాయన కండువా అది. ఆయన దగ్గర బటన్ల ఫోను ఉంది, గ్రూపులో లేరు. మూడు నెలల సందేశాల్లో ఆయన గురించి నాకు దొరికినవి రెండు. "పెద్దాయన్ని పంపండి", "పెద్దాయన వచ్చారా". రెండూ నేను రాసినవే.

ఆ ఊళ్ళో ఏం జరిగిందని ఫీల్డ్ ఆఫీసర్ని అడిగితే అతను దాచకుండా చెప్పాడు. "నేను కూర్చున్నాను సార్, మాట్లాడింది ఆయనే." ఆ ఊరివాళ్ళకు జనవరి నుంచి మేము నోటీసులు పంపుతున్నాం. ఒక్కరూ రాలేదు. కట్టే ఉద్దేశం లేదని మేము అనుకున్నాం. అసలు కారణం వేరు. అంకెలు మార్చి చెబుతున్నాను. ఒకరికి మొత్తం అప్పు 46,200, కట్టకుండా మిగిలిన వాయిదాలు మూడు, నెలకు 1,850 చొప్పున 5,550. మా నోటీసులో పెద్ద అక్షరాల్లో కనబడేది 46,200. బ్యాంకుకు వెళ్తే ఆ మొత్తం అడుగుతారని, జీడిపిక్కలు అమ్మిన డబ్బు ఖాతాలో వేస్తే అంతా పట్టుకుంటారని వాళ్ళు భయపడి, బ్యాంకు దారే తొక్కడం మానేశారు. పెద్దాయన అరుగు మీద కూర్చుని సవరలో ఆ రెండు అంకెల తేడా చెప్పారు. నేల మీద మూడు గింజలు పెట్టి, ఇప్పుడు కట్టవలసినది ఇంతే అన్నారట. మిగిలినవి పక్కన కుప్పగా పోసి, వీటికి ఇంకా నెలలున్నాయి అన్నారట. దానికి గంటన్నర పట్టింది.

వాయిదా గడువు దాటి తొంభై రోజులు మించితే ఆ అప్పు మొండి బకాయి అవుతుంది. మార్చిలో అలా అవబోతున్న ఖాతాలు మా దగ్గర 38 ఉన్నాయి. 27 నిలబడ్డాయి, 11 జారిపోయాయి. నిలబడిన 27లో ఆ ఒక్క ఊరివి నాలుగు అని రిజిస్టరు చెబుతోంది. నోటీసుల వల్ల నిలబడినది ఆ ఊళ్ళో ఒక్కటీ లేదు.

గ్రూపు మాత్రమే చూసి రాసి ఉంటే, ఆ ఊరికి కృతజ్ఞత మొత్తం ఫీల్డ్ ఆఫీసరుకు వెళ్ళేది. ఆ కుర్రాడు ఇబ్బంది పడేవాడు. పెద్దాయన వెనక నిలబడి చప్పట్లు కొట్టేవారు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఆ తరువాత నోటుపుస్తకంలో ఒక పేజీ విడిగా తీసి, గ్రూపులో లేనివారు, ఉండి రాయనివారు అని పైన రాసి, ఒక్కొక్కరి గురించి మిగతావాళ్ళను అడిగాను. గార్డు గారు లింక్ పోయిన రోజు లోపలి బెంచీలు మోసుకొచ్చి వేపచెట్టు కింద వేశారని అప్పుడే తెలిసింది.

నేను పంపినవి

ఎవరి సందేశాలో చదువుతున్నాననుకున్నాను గానీ, నోటుపుస్తకం నిండా నావే ఉన్నాయి. "వెంటనే", "ఈ రోజే", "ఎందుకు కాలేదు". మార్చిలో ఒక శనివారం రాత్రి 11.38కి, "రేపు అందరూ 8.30కి రావాలి" అని రాశాను. ఎవరూ జవాబు రాయలేదు. అందరూ వచ్చారు. ఆ ఆదివారం క్లర్కు తల్లిదండ్రులు టెక్కలి నుంచి ఆమెను చూడటానికి వచ్చి, సాయంత్రం దాకా గదిలో కూర్చుని వెళ్ళారని హాజరు పట్టీ చూపించినప్పుడు మేడమ్ చెప్పారు.

కృతజ్ఞతా ప్రసంగంలో క్షమాపణ ఉండాలా అన్నదానిపై నాకు గట్టి సందేహం ఉండేది. మన తప్పు మనం చెప్పుకోవడం మొదలుపెడితే, వినేవాళ్ళు మనల్ని ఓదార్చవలసి వస్తుంది. వాళ్ళ రోజు మన రోజు అయిపోతుంది. నా స్నేహితుడైన మరో మేనేజరు, "అసలు వద్దు, విడిగా చెప్పుకో" అన్నాడు. అతని మాటలో న్యాయం ఉంది. కానీ ఆ ఆదివారాన్ని వదిలేసి మార్చి గురించి మాట్లాడితే, వింటున్న ఆరుగురికీ నేను వదిలేశానని తెలుస్తుంది. చివరకు రెండు వాక్యాలకు కుదించాను. ఒకటి జరిగినది, ఇంకొకటి ఇకమీదట మారేది. బాధ గురించి ఏమీ లేదు.

అంకెల గురించి కూడా ఇలాగే తర్జనభర్జన పడ్డాను. పై కార్యాలయం అంకెలే అడుగుతుంది, మా వాళ్ళకూ అవి తెలుసు. 27 మాత్రం చెప్పి 11 వదిలేస్తే, ఆ పదకొండు ఇళ్ళ చుట్టూ తిరిగిన కుర్రాడి పని లేనట్టే అవుతుంది. రెండూ చెప్పాను.

ప్రసంగం

ఏప్రిల్ 3 సాయంత్రం, షట్టరు సగం దించి, టీలు, మిర్చిబజ్జీలు తెప్పించిన తరువాత చదివినది ఇది. పేర్లున్న చోట హోదాలు పెట్టాను. మేడమ్ గురించిన ఒడియా వాక్యాలను తెలుగులో ఇస్తున్నాను.

"అందరికీ నమస్కారం. మూడు నిమిషాలు మాట్లాడతాను, టీ చల్లారదు.

తొమ్మిది మంది చేయవలసిన పని ఏడుగురం చేశాం. ఆ రెండు కుర్చీల పని ఎవరెవరి మీద పడిందో నాకు తెలిసినంతలో చెబుతాను. తప్పుంటే సరిచేయండి.

మేడమ్, లింక్ పోయిన రోజు మీరు 63 మంది పేర్లు రాసి బస్సు వేళకు ఇంటికి పంపారు. నేను ఇక్కడ లేను, ఏం చేయాలో మీరు నన్ను అడగలేదు, అడగకపోవడమే మంచిదైంది.

గార్డు గారూ, ఆ రోజు బెంచీలు చెట్టు కిందికి మోసినది మీరు. అది మీ డ్యూటీ కాదు.

హెడ్ క్యాషియర్ గారూ, 31 రాత్రి 500 రూపాయలు పక్కన పెట్టి ఇంటికి వెళ్ళిపోవచ్చు. మీరు గంటకు పైగా స్లిప్పులు కూడారు. డబ్బు ఎవరిదో ఆ రాత్రే వారికి చేరింది.

ఆ గంట మొదలవడానికి కారణం మన క్లర్కు. ఎవరూ అడగకముందే, నా కౌంటర్‌దే అని ఆమె రాసింది. ఆ మాట రాకపోతే ప్రతి కౌంటర్ స్లిప్పులూ వెతకవలసి వచ్చేది.

ఫీల్డ్ ఆఫీసరు బాబూ, 38 ఖాతాల కోసం తిరిగావు. 27 నిలబడ్డాయి, 11 నిలబడలేదు. ఆ పదకొండు ఇళ్ళకూ నువ్వు మూడేసి సార్లు వెళ్ళినట్టు రిజిస్టరులో ఉంది. వాటిని కూడా నేను లెక్కలో వేసుకున్నాను.

పెద్దాయనా, గుమ్మా దారిలోని ఊళ్ళో మన నోటీసులు మూడు నెలల్లో చేయలేనిది మీరు గంటన్నరలో చేశారు. నాలుగు ఇళ్ళవాళ్ళు భయం లేకుండా వాయిదాలు కట్టారు. మనం పంపే కాగితంలో లోపం ఉందని మీ వల్లనే తెలిసింది. ఇకనుంచి కట్టవలసిన వాయిదా మొత్తాన్ని నోటీసు మీద ఎర్ర సిరాతో విడిగా రాసి పంపుదాం.

ఒక శనివారం రాత్రి పదకొండున్నర దాటాక మిమ్మల్ని ఆదివారం రమ్మని రాశాను, అది నేను చేయకూడని పని. ఇకమీదట రాత్రి ఎనిమిది తరువాత గ్రూపులో నా నుంచి ఏదీ రాదు.

సెలవులో ఉన్న మన సహోద్యోగికి పాప పుట్టింది, తల్లీ బిడ్డా బాగున్నారు. మీ అందరికీ కృతజ్ఞతలు. బజ్జీలు తినండి."

ఒక్కొక్కరి పేరు చెబితే పోలికలు మొదలవుతాయన్న భయం నాకు ఉండేది. ఎవరికి రెండు వాక్యాలు, ఎవరికి నాలుగు అని ఎవరైనా లెక్కపెట్టుకుంటారేమో అనుకున్నాను. లెక్కపెట్టుకుని ఉండవచ్చు కూడా, నాకు చెప్పలేదు. నేను చూసినది ఒక్కటే. ఒకరి గురించి చెబుతున్నప్పుడు మిగతావాళ్ళు నన్ను కాక ఆ మనిషిని చూశారు. పెద్దాయన గురించి చెప్పినప్పుడు ఫీల్డ్ ఆఫీసరు తల గట్టిగా ఊపుతూ ఉన్నాడు.

టీలు అయ్యాక పెద్దాయన నా బల్ల దగ్గరికి వచ్చారు. ఆ కాగితం ఒకసారి చూపించమన్నారు. ఆయనకు తెలుగు చదవడం రాదు, ఒడియా వచ్చు. తన వాక్యం ఎక్కడుందో వేలు పెట్టి చూపించమని అడిగి, మళ్ళీ చదివించుకుని, "నాలుగు కాదు బాబూ, ఐదు" అన్నారు. ఐదో ఇంటావిడ ఆ రోజు అరుగు దగ్గర లేదట. వారం తరువాత సంతలో ఆయన కనిపిస్తే అడిగి తెలుసుకుని, మా బ్రాంచికి రాకుండా తమ పంచాయతీలో బ్యాంకు తరఫున డబ్బు తీసుకునే బ్యాంక్ మిత్ర దగ్గరే కట్టేసిందట. కంప్యూటర్‌లో చూశాను. మార్చి 22న, మూడు వాయిదాలూ ఒకేసారి పడి ఉన్నాయి. విజిట్ రిజిస్టరులో అది లేదు. ఫీల్డ్ ఆఫీసరు చూసినది నాలుగే కాబట్టి నాలుగే రాశాడు, నేను దాన్నే మూడో గడిలో ఎక్కించుకున్నాను.

కాగితం మీద నాలుగు కొట్టేసి ఐదు వేశాను. మేడమ్ కుర్చీ ముందుకు జరుపుకుని, పాత క్యాలెండర్ కాగితం వెనక ఆ నాలుగు వాక్యాలను ఒడియాలో రాసి, తేదీ వేసి ఆయనకు ఇచ్చారు. ఆయన దాన్ని చదువుకుని, మడిచి, కండువా కొంగున కట్టుకుని, షట్టరు దించడానికి వెళ్ళారు.